గ్రేస్ కలిపితే ఎంత, తీసేస్తే ఎంత?

కర్ణాటకలో 2024 మే 9న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. అక్కడ దాన్ని ఎస్‌ఎస్‌ఎల్‌సీ అంటారు. బళ్లారి, కోలార్, రాయచూరు వైపు తెలుగు ఇళ్ల పిల్లలు కూడా రాసే పరీక్షే ఇది. 8,59,967 మంది రాస్తే 6,31,204 మంది పాసయ్యారు. అంటే 73.40 శాతం. అంతకుముందు ఏడాది 83.89 శాతం వచ్చింది కనుక, పది పాయింట్లు పడిపోయిందని పత్రికలన్నీ రాశాయి.

2025 మే నెలలో మళ్లీ ఫలితాలు వచ్చాయి. మొదటి విడత పరీక్షలో 8,42,173 మందికి 5,24,984 మంది గట్టెక్కారు. 62.34 శాతం. ఇంకో పదకొండు పాయింట్లు పోయాయి. వరుసగా రెండేళ్లు చదువు ఇలా దిగజారిపోతే ఏ రాష్ట్రమైనా తల పట్టుకోవాల్సిందే.

నిజానికి రెండో ఏడు చదువు దిగజారలేదు. ఆ సంగతి ఫలితాల పట్టికలో కనిపించదు, గ్రేస్ మార్కుల లెక్కలో కనిపిస్తుంది.

2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి, వెబ్‌కాస్టింగ్ ద్వారా పైనుంచి గమనించారు. చూచిరాతలు తగ్గాయి, దాంతోపాటు మార్కులూ తగ్గాయి. ఫలితం మరీ కిందికి జారేలా ఉండడంతో ఆ ఒక్క ఏడాదికి గ్రేస్ నిబంధనను సడలించారు. అప్పటిదాకా 10 శాతంగా ఉన్న గ్రేస్‌ను 20 శాతానికి పెంచారు. గ్రేస్ పొందే అర్హతకు కావాల్సిన మార్కులను 35 శాతం నుంచి 25 శాతానికి దించారు. ఆ సడలింపుతో సుమారు 1.7 లక్షల మంది ఒడ్డున పడ్డారు. పాసైన 6.31 లక్షల్లోంచి వాళ్లను పక్కన పెడితే మిగిలేది 4.6 లక్షల చిల్లర. శాతంలో చెబితే 54కు కాస్త అటూ ఇటూ. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కూడా ఈ సడలింపును తప్పుపట్టారు. 2025లో దాన్ని ఎత్తేశారు.

ఇప్పుడు రెండేళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. గ్రేస్ లేకుండా 2024లో దాదాపు 54, 2025లో 62.34. ఎనిమిది పాయింట్లకు పైగా పెరిగింది. పత్రికల్లో కనిపించినదేమో పదకొండు పాయింట్ల పతనం. రెండు లెక్కలూ నిజమే, కూడికల్లో ఎక్కడా పొరపాటు లేదు. ఒక ఏడు గ్రేస్ కలిపిన అంకెను, మరుసటి ఏడు గ్రేస్ లేని అంకెతో పోల్చడం వల్ల పెరుగుదల కాస్తా తరుగుదలగా మారింది.

లక్షల మంది రాసే పరీక్షలో ఇలా జరిగితే పత్రికలైనా పట్టుకుంటాయి. మూడు సెక్షన్లున్న బడిలో ఎవరు పట్టుకుంటారు? ఏటా ఏప్రిల్‌లో స్టాఫ్ మీటింగ్‌కు ముందు తయారయ్యే రిజల్ట్ అనాలిసిస్‌లో ఇదే తికమక చిన్న ఎత్తున జరుగుతుంది. ఒక తరగతి లెక్క మొదటినుంచీ వేసి చూద్దాం. ఇది అంకెలు తేలిగ్గా కనబడేందుకు కల్పించిన బడి. మొత్తం 60 మంది, ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 100 మార్కులు. ఏ సబ్జెక్టులోనైనా 35 రావాలి. మొత్తం 600కు 450, అంటే 75 శాతం దాటితే డిస్టింక్షన్. గ్రేస్ నిబంధన ఇది: సబ్జెక్టుకు 5 మార్కుల వరకు, రెండు సబ్జెక్టులకు మించకుండా, అదీ ఆ మార్కులతో పిల్లవాడు పూర్తిగా పాసయ్యేట్లయితేనే.

పేపర్లు దిద్ది మార్కులు ఎక్కించాక అన్ని సబ్జెక్టుల్లో పాసైనవాళ్లు 36 మంది తేలారు. సరిగ్గా 60 శాతం. తప్పినవాళ్లు 24 మంది. ఈ 24 అన్న అంకెను అలాగే వదిలేయకుండా విడదీస్తేనే గ్రేస్ ఏం చేయబోతోందో ముందే తెలుస్తుంది. వీళ్లలో ఒకే సబ్జెక్టులో పోయినవాళ్లు 13 మంది, రెండింటిలో పోయినవాళ్లు ఆరుగురు, మూడు అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఐదుగురు.

ఒకే సబ్జెక్టు పోయిన 13 మందిలో తొమ్మిది మందికి ఆ సబ్జెక్టులో 30 నుంచి 34 మధ్య వచ్చాయి. మిగతా నలుగురికి 30 కూడా రాలేదు. రెండు పోయిన ఆరుగురిలో ఇద్దరికి మాత్రమే రెండింటిలోనూ 30కి పైన ఉన్నాయి. కనుక గ్రేస్ అందేది తొమ్మిది, రెండు, మొత్తం పదకొండు మందికి. 36 కాస్తా 47 అయింది. శాతం 60 నుంచి 78.33కు ఎగబాకింది.

ఇంత పెరగడానికి కారణం మార్కులు ధారాళంగా పంచడం కాదు. ఐదు మార్కులకు లోపు దూరంలో ఒకేచోట అంతమంది నిలబడి ఉండడం. దీన్ని రుజువు చేసుకోవాలంటే గ్రేస్‌ను ఐదు నుంచి పదికి పెంచి చూడాలి. అప్పుడు 25 నుంచి 29 మధ్య ఉన్నవాళ్లకు కూడా దారి దొరుకుతుంది. ఈ తరగతిలో అలాంటివాళ్లు ఒక సబ్జెక్టు గుంపులో ముగ్గురు, రెండు సబ్జెక్టుల గుంపులో ఒకరు. పాసైనవాళ్లు 51 అవుతారు, 85 శాతం. మొదటి ఐదు మార్కులు పదకొండు మందిని లేపితే, తర్వాతి ఐదు నలుగురినే లేపాయి. గ్రేస్ రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. ఇంకోవైపు, తప్పినవాళ్లంతా మూడేసి, నాలుగేసి సబ్జెక్టుల్లో ఇరవైల్లో ఉన్న బడికి ఇదే నిబంధన వర్తింపజేసి చూడండి, ఒక్క పాయింటు కూడా కదలకపోవచ్చు. పక్క బడికి పద్దెనిమిది పాయింట్లు పెరిగి మనకు పెరగలేదంటే, అక్కడి మాస్టర్లు మంచివాళ్లనీ ఇక్కడివాళ్లు పిసినారులనీ అనుకోనక్కర్లేదు.

సబ్జెక్టుల వారీ లెక్కలో ఇంకో చిక్కు ఉంది. ఈ తరగతిలో లెక్కల్లో తప్పినవాళ్లు 17 మంది. అంటే లెక్కల పాస్ శాతం 71.67. గ్రేస్‌తో లేచిన పదకొండు మందిలో ఎనిమిది మందికి పోయిన సబ్జెక్టుల్లో లెక్కలు ఉన్నాయి. దాంతో తప్పినవాళ్లు తొమ్మిదికి తగ్గి, పాస్ శాతం 85కు చేరింది. స్టాఫ్ రూమ్ గోడ మీద అంటించే కాగితంలో ఉండేది ఈ 85 మాత్రమే. వచ్చే జూన్‌లో వెనకబడినవాళ్లకు ప్రత్యేక తరగతి పెట్టాలని లెక్కల మాస్టారు జాబితా అడిగితే ఆఫీసు ఇచ్చేది తొమ్మిది పేర్లే. ఉండాల్సింది 17. గ్రేస్‌తో లేచిన ఆ ఎనిమిది మందికి బీజగణితం ఏప్రిల్‌లో ఎంత రాదో జూన్‌లోనూ అంతే రాదు, కానీ కాగితం ప్రకారం వాళ్లకు వచ్చేసింది. గ్రేస్ వల్ల జరిగే నష్టాల్లో అందరికంటే తక్కువగా మాట్లాడుకునేది ఇదేనేమో.

ఇక డిస్టింక్షన్ల సంగతి. ఈ తరగతిలో 450 దాటి, అన్నీ పాసైనవాళ్లు తొమ్మిది మంది. గ్రేస్ ఇచ్చాక ఎంతమంది? ఠక్కున ఎవరైనా చెప్పేది తొమ్మిదే అని. సబ్జెక్టులో 32 వచ్చిన పిల్లవాడికి 3 కలిపితే వాడి మొత్తం 240 నుంచి 243 అవుతుంది, 450కి ఆమడ దూరం. పాస్ కోసం ఇచ్చే గ్రేస్ అట్టడుగున ఉన్న గీతను మాత్రమే కదిలిస్తుంది, పైనున్న గీత జోలికి వెళ్లదు. సాధారణంగా ఇది నిజం.

కానీ ఆ పదకొండు మందిలో ఒక అమ్మాయి ఉంది అనుకుందాం. నాన్నగారి బదిలీ వల్ల వేరే రాష్ట్రం నుంచి వచ్చింది. తెలుగు ఇంకా సరిగా పట్టుబడలేదు, అందులో 33 వచ్చాయి. మిగతా ఐదింట్లో కలిపి 419. మొత్తం 452. గ్రేస్ లేకపోతే ఆమె ఫెయిల్. రెండు మార్కులు కలిపితే పాస్, ఆపైన 454తో డిస్టింక్షన్ కూడా. తప్పిన జాబితా నుంచి ఏకంగా డిస్టింక్షన్ జాబితాకు ఎక్కేసింది. గ్రేస్‌తో పాసైనవాళ్లకు డిస్టింక్షన్ గానీ, ర్యాంకు గానీ లెక్కించకూడదని నిబంధనలో రాసుకున్న చోట తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. రాసుకోని చోట పది అవుతుంది. ఇలాంటి కేసు ఏటా రాదు. వచ్చిన ఏడు నిబంధన పుస్తకంలో ఆ వాక్యం ఉందో లేదో వెతుక్కోవడం మొదలవుతుంది, అప్పటికే తల్లిదండ్రులు హెడ్మాస్టర్ గారి గది బయట కూర్చుని ఉంటారు. అంకె చిన్నదే అయినా ఈ వాక్యాన్ని పరీక్షకు ముందే రాసి పెట్టుకోవడం నయం.

ఆ అమ్మాయిని పక్కన పెట్టి తొమ్మిదినే తీసుకున్నా శాతం మాత్రం మారిపోతుంది. డిస్టింక్షన్లను పాసైనవాళ్లలో శాతంగా రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. గ్రేస్ ముందు 36 మందిలో 9 అంటే 25 శాతం. గ్రేస్ తర్వాత 47 మందిలో 9 అంటే 19.15 శాతం. ఒక్క పిల్లవాడి డిస్టింక్షన్ కూడా పోలేదు, అయినా అనాలిసిస్‌లో ‘నాణ్యత తగ్గింది’ అని ఒక వాక్యం పడుతుంది. యాజమాన్యం మీటింగ్‌లో దీనికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిన ప్రిన్సిపాళ్లు, గ్రేస్ ఇవ్వడమే తప్పయిపోయిందని వాపోతారు. పరీక్ష రాసిన మొత్తం మందిలో శాతంగా రాస్తే ఈ గొడవే ఉండదు. 60లో 9, గ్రేస్‌కు ముందైనా తర్వాతైనా 15 శాతమే.

అయితే డిస్టింక్షన్ల సంఖ్యను నిజంగానే పెంచే మార్కులు వేరే ఉన్నాయి. వాటినీ జనం గ్రేస్ అనే అంటారు. ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న తప్పుగా పడితే, దాన్ని ప్రయత్నించినవాళ్లకు మార్కులు కలపడం తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పిల్లలకు, తల్లిదండ్రులకు తెలిసిందే. ఇది తప్పినవాళ్లకే కాదు, అందరికీ అందుతుంది. మన తరగతిలో లెక్కల పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి తప్పుగా వచ్చిందనుకుందాం. 446 నుంచి 449 మధ్య ఆగిపోయిన పిల్లలు ముగ్గురు ఉంటే, ఆ ప్రశ్నకు ముగ్గురికీ సున్నాలే పడి ఉంటే, నాలుగేసి మార్కులు కలిసి ముగ్గురూ గీత దాటతారు. డిస్టింక్షన్లు తొమ్మిది నుంచి పన్నెండు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, అదే ప్రశ్నకు ఎలాగో రెండు మార్కులు సంపాదించినవాడికి అదనంగా కలిసేది రెండే, నాలుగు కాదు. గుమాస్తా అందరికీ గుడ్డిగా నాలుగు కలిపేస్తే ఒక్కోసారి నూటికి నూట రెండు కూడా వస్తాయి. అలా వచ్చినప్పుడే పొరపాటు బయటపడుతుంది. రాకపోతే ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది.

అందరి మార్కులూ కదిలించే పద్ధతికి పెద్ద ఉదాహరణ సీబీఎస్‌ఈ. ప్రశ్నపత్రాలు సెట్‌కో తీరుగా కఠినంగా ఉంటాయి కనుక మార్కులు సవరించే మోడరేషన్ పద్ధతిని ఆ బోర్డు చాలాకాలం పాటించింది. పన్నెండో తరగతి ఫలితాలను గీతలుగా గీసి చూసినవాళ్లకు 95 దగ్గర అసహజమైన శిఖరం కనిపించేది. 2017లో బోర్డు దీన్ని ఆపేయాలనుకుంది. పరీక్షలయ్యాక నియమం మార్చడం సరికాదని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది మే 23న పాత పద్ధతినే ఆ సంవత్సరానికి కొనసాగించమంది. డిగ్రీ కాలేజీల కటాఫ్‌లు నూటికి దగ్గరగా నడిచే రోజుల్లో ఈ మార్కులతో తేడా పడేది పాస్ దగ్గర కాదు, సీటు దగ్గర.

దీనికి పూర్తిగా అవతలి కొస తెలంగాణలో 2021 డిసెంబరులో కనబడింది. కరోనా కాలంలో పరీక్ష లేకుండానే రెండో ఏడాదికి వెళ్లిన ఇంటర్ విద్యార్థులకు తర్వాత మొదటి సంవత్సరం పరీక్షలు పెడితే 49 శాతమే పాసయ్యారు. ఆందోళనలు చెలరేగడంతో తప్పినవాళ్లందరికీ కనీస మార్కులు 35 ఇచ్చి పాస్ చేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. పాస్ శాతం ఒక్క నిర్ణయంతో రెట్టింపైంది. అత్తెసరు మార్కులతో బయటపడిన ఆ సగం మంది వల్ల పైశ్రేణిలో మాత్రం అంకెలు పెద్దగా మారే అవకాశం లేదు. ఆ బ్యాచ్‌ను ముందు బ్యాచ్‌లతో పాస్ శాతం ద్వారా పోల్చడం వృథా. పైశ్రేణి లెక్కతోనైతే కొంతవరకు పోల్చవచ్చు.

ఒక బడి ఫలితాల్లో గ్రేస్ ఎంత కలిసిందో ఎవరూ చెప్పకపోయినా మార్కులే చెబుతాయి. ఒక సబ్జెక్టులో ఎన్ని మార్కులు ఎంతమందికి వచ్చాయో వరుసగా రాస్తే, సహజంగా దిద్దిన పేపర్లలో 31, 32, 33, 34 అన్నింటిలోనూ ఎవరో ఒకరు ఉంటారు. గ్రేస్ కలిపాక ఆ నాలుగు గళ్లూ దాదాపు ఖాళీ అయి, 35 దగ్గర ఒక్కసారిగా గుంపు కడుతుంది. 2013లో ఐసీఎస్‌ఈ ఫలితాలను ఇలా పరిశీలించినప్పుడు పాస్ గీతకు కాస్త కింద ఉండాల్సిన మార్కులు దాదాపు ఎవరికీ రాలేదని తేలింది. అంతేకాదు, పైన కూడా కొన్ని అంకెలు లక్షమందికి పైగా పిల్లల్లో ఒక్కరికీ రాలేదు.

ఈ పరీక్ష బడిలో చేయడానికి కంప్యూటర్ ముందు ఐదు నిమిషాలు చాలు. D నిలువు వరుసలో లెక్కల అసలు మార్కులు, E నిలువు వరుసలో గ్రేస్ కలిపిన మార్కులు ఉన్నాయనుకుంటే, మొదటి సూత్రం గీతకు కింద నిలబడ్డవాళ్లను లెక్కపెడుతుంది, రెండోది సరిగ్గా 35 వచ్చినవాళ్లను.

```
=COUNTIFS(D2:D61,">=30",D2:D61,"<=34")
=COUNTIF(E2:E61,35)
```

ఒక్కోసారి అసలు మార్కులని చెప్పే D వరుసలో కూడా 31 నుంచి 34 వరకు ఎవరూ ఉండరు. దాని అర్థం గ్రేస్ ఆఫీసులో కలవలేదు, దిద్దేటప్పుడే కలిసిపోయింది. 33 దాకా వచ్చిన పేపర్‌ను మాస్టారు మరోసారి తిరగేసి, ఏదో ఒక జవాబుకు రెండు మార్కులు వేసి 35 చేశారు. కనికరంతో చేసే పనే. కానీ అప్పుడు నిబంధన ప్రకారం ఇచ్చిన గ్రేస్ ఎంత, మాస్టారి దయ ఎంత అని విడదీయడం ఎవరి వల్లా కాదు. పైగా ఈ దయ అందరికీ సమానంగా అందదు. ఎ సెక్షన్ మాస్టారు మెత్తనివారు, బి సెక్షన్‌లో కొత్తగా చేరిన టీచర్ నియమం తప్పరు అనుకోండి. ఆవిడ పిల్లలు పన్నెండు మంది తప్పుతారు, ఆయన పిల్లలు ఐదుగురే. ఆవిడను పిలిచి ఎందుకింత తక్కువ అని అడుగుతారు.

ఇదంతా సరిగా రావాలంటే రిజిస్టర్‌లో చేయాల్సిన మార్పు చాలా తక్కువ. అసలు మార్కుల మీద కొట్టివేసి దిద్దకూడదు. వాటి పక్కన గ్రేస్‌కు ఒక గడి, చివరి మార్కులకు ఒక గడి ఉండాలి. పాస్ శాతం రెండుసార్లు రాయాలి: గ్రేస్‌కు ముందు 60, తర్వాత 78.33. గోడ మీద అంటించేది రెండోదైనా ఫరవాలేదు, వచ్చే ఏడుతో పోల్చేది మొదటిది అయితే చాలు.

అయితే చాలా బడుల్లో నిరుటి కాగితాల్లో ఒక్క చివరి అంకే మిగిలి ఉంటుంది. అప్పుడు కూడా పూర్తిగా చేతులెత్తేయనక్కర్లేదు. పాస్ కోసం ఇచ్చే గ్రేస్ పిల్లవాడిని సరిగ్గా 35కు తెచ్చి ఆపుతుంది కనుక, ఏదో ఒక సబ్జెక్టులో సరిగ్గా 35 ఉన్న పాసైనవాళ్లను లెక్కపెట్టుకోవాలి. మన బడిలో నిరుడు 58 మంది రాసి 46 మంది పాసయ్యారనుకుందాం. ఆ 46 మందిలో అలా 35 తగిలినవాళ్లు 12 మంది. వాళ్లలో కొందరికి నిజంగానే 35 వచ్చి ఉండవచ్చు, అందరికీ గ్రేసే కలిసి ఉండవచ్చు. కనుక గ్రేస్ లేని నిరుటి శాతం 34 మందికి సరిపడే 58.62కు తగ్గదు, 46 మందికి సరిపడే 79.31కి మించదు. ఈ ఏడాది అసలు శాతం 60. అది ఆ రెండు హద్దుల మధ్యే పడింది కాబట్టి, నిరుటికంటే మెరుగనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. ఈసారి అనాలిసిస్‌లో ‘గత సంవత్సరంతో పోలిక’ అన్న గడిలో ఆ రెండు హద్దులే రాయాలి.